వదలాల్సింది పాఠాన్ని కాదు

పరీక్షకు వారాలే మిగిలి, చదవాల్సిన పాఠాలు నెలలకు సరిపడా ఉన్నప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదు. ఏది వదలాలో తేల్చే పద్ధతి నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఎక్కువ మార్కులున్న పాఠాలు పైన, తక్కువ మార్కులున్నవి కింద రాసి, కింది సగాన్ని కొట్టేయడమే ఆ పద్ధతి. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. ఆ లెక్కతోనే ఒక అమ్మాయి పదో తరగతి గణితంలో తప్పడానికి నేను కారణమయ్యాను. ఎందుకు తప్పిందో ఆమె జవాబు పత్రం చూశాక అర్థమైంది. మళ్లీ పరీక్షకు వేరే లెక్క వేసుకున్నాం. ఆ రెండు లెక్కలకూ ఉన్న తేడా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది సోలాపూర్ తూర్పు భాగం. తరాల కిందట తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని మీద వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల పేటలు ఇవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మగవాళ్లు చద్దర్ల కార్ఖానాలకో టవల్ కార్ఖానాలకో పోతారు, ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడతారు. పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి చదువుకు దొరికేది పగటి వేళ కాదు, ఇంటి పనిలో చెయ్యేసిన తరువాత మిగిలిన వేళ. నేను చెప్తున్న అమ్మాయి బడి నుంచి రాగానే అమ్మకు తునికాకు కత్తిరించి ఇచ్చి, దీపాల వేళ దాటాక పుస్తకం పట్టేది. అందుకే ఏది వదలాలన్న ప్రశ్న మా పేటల్లో ప్రతి ఏడూ నిజంగానే ఎదురవుతుంది.

మహారాష్ట్ర బోర్డులో పదో తరగతి గణితం రెండు పేపర్లుగా ఉంటుంది. మొదటిది బీజగణితం, రెండోది భూమితి. ఒక్కోటి 40 మార్కులు, రెండు గంటలు. ఇంకో 20 మార్కులు బడిలోనే వేస్తారు. అన్నీ కలిపి వందలో 35 వస్తే ఉత్తీర్ణత. ఇక్కడ బీజగణితం గురించే చెప్తాను, నా తప్పు జరిగింది అందులోనే.

ఆ పుస్తకంలో ఆరు పాఠాలున్నాయి. రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, సాంఖ్యిక శాస్త్రం, ఈ మూడింటికీ తలా 12 మార్కులు. అంకశ్రేఢి, అర్థనియోజనం, సంభావ్యత, వీటికి తలా 8. కూడితే 60 వస్తుంది. పేపరు 40కే కదా అంటే, విద్యార్థి ఎంచుకునేందుకు ఎక్కువగా ఇచ్చే ప్రశ్నల్ని కూడా కలిపిన లెక్క అది.

నేను ఆ 60నే చూశాను. పన్నెండేసి మార్కుల పాఠాలు మూడూ కలిస్తే 36. పేపరు 40. ఈ మూడు గట్టిగా వస్తే చాలు, మిగతా మూడు ముట్టుకోవద్దని ఆ అమ్మాయికి చెప్పాను. ఉన్న కొద్ది సమయాన్నీ సగం పుస్తకం మీద పెడితే ఆ సగమైనా బాగా వస్తుందని నా నమ్మకం. ఆమె నా మాట విని ఆ మూడు పాఠాల వెనకున్న అభ్యాసాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చేస్తూ పోయింది. మార్చిలో పరీక్ష రాసింది, ఫలితాల్లో గణితం తప్పింది. బోర్డుకు దరఖాస్తు పెట్టుకుంటే రాసిన జవాబు పత్రం నకలు ఇస్తారు. తెప్పించాం. దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు నా తప్పు ఒక్కో పేజీలో ఒక్కో రకంగా కనిపించింది.

అది అర్థం కావాలంటే పేపరు నిర్మాణం తెలియాలి. మొదటి ప్రశ్నలో ఎనిమిది చిన్న ప్రశ్నలు, ఒక్కోటి ఒక మార్కు. నాలుగింటికి సరైన జవాబు ఎంచుకోవాలి, నాలుగింటికి చిన్న లెక్క చేయాలి. ఇందులో వదిలే వీలు లేదు, ఎనిమిదీ రాయాల్సిందే. రెండో ప్రశ్న మొదటి భాగంలో మూడు కృతులు ఇచ్చి రెండు చేయమంటారు. కృతి అంటే లెక్కను చాలావరకు వాళ్లే చేసి, మధ్యలో గళ్లు ఖాళీగా వదులుతారు, వాటిని నింపాలి. రెండో భాగంలో రెండేసి మార్కుల లెక్కలు ఐదు ఇచ్చి నాలుగు చేయమంటారు. మూడో ప్రశ్నలో మళ్లీ మూడు మార్కుల కృతులు రెండిచ్చి ఒకటి, మూడు మార్కుల లెక్కలు నాలుగిచ్చి రెండు. నాలుగో ప్రశ్నలో నాలుగు మార్కుల లెక్కలు మూడిచ్చి రెండు. ఐదో ప్రశ్నలో కొత్తగా ఆలోచించాల్సినవి రెండిచ్చి ఒకటి, దానికి మూడు మార్కులు.

దీన్ని ఇంకోలా చదవండి. మొదటి ప్రశ్నకు 8, రెండో ప్రశ్నకు 12, కలిపితే 20. సగం పేపరు ఒకటి, రెండు మార్కుల చిన్న లెక్కల్లోనే ఉంది. మూడో ప్రశ్నకు 9, అది కలిస్తే 29. కష్టమైన నాలుగు, ఐదు ప్రశ్నలకు కలిపి 11 మార్కులే. గట్టెక్కడమే కావాల్సిన పిల్లకు ఆ 11 అవసరం లేదు. కానీ నేను చేయించిన సాధనలో ఎక్కువ గంటలు పోయింది ఆ 11 కోసమే. పన్నెండు మార్కుల పాఠాలు పన్నెండు మార్కులవి కావడానికి కారణమే అది, వాటి చివరి అభ్యాసాల్లో పెద్ద లెక్కలుంటాయి. పడవ వేగం, వాగు వేగం ఇచ్చి సమీకరణం కట్టమనే లెక్కలు, వయసుల లెక్కలు, వర్గ సమీకరణంగా మారే పనీ కాలమూ లెక్కలు. మార్కుల్ని బట్టి పాఠాన్ని పైకెక్కించి, ఆ పాఠంలోని అతి కష్టమైన భాగాన్ని కూడా దాంతో పాటే ఆమె నెత్తిన పెట్టాను.

ఇక జవాబు పత్రం. మొదటి ప్రశ్నలో సగం ఖాళీ. ఆ ఖాళీలన్నీ నేను వదలమన్న పాఠాలవి. వాటిలో ఒకటి పాచిక ఒకసారి వేస్తే సరిసంఖ్య పడే సంభావ్యత ఎంత అన్నంత తేలికైనది. రెండో ప్రశ్నలో ఐదింటిలో రెండు వదిలిన పాఠాల నుంచి వచ్చాయి. అక్కడ ఒక్కటే వదలొచ్చు కాబట్టి రెండోది నేరుగా నష్టం. నాలుగో ప్రశ్నలో మాత్రం మేం చదివిన పాఠాల లెక్కలే వచ్చాయి. ఆమె రెండూ మొదలుపెట్టింది, రెండు పేజీలు నింపింది, రెండూ సగంలో ఆగాయి. సమయం అక్కడ పోయింది.

నేను పత్రం తిప్పుతుంటే ఆమె మెల్లగా అంది: “సంభావ్యత అయితే నాకు వస్తుండె సర్. బడిల చెప్పినప్పుడే సమజైంది. మీరే వద్దంటిరి గదా.”

ఆ మాటలో నా రెండో తప్పుంది. ఏది కష్టమో నేను ఆమెను అడగలేదు. నాకు తేలికగా అనిపించింది ఆమెకూ తేలికే అనుకున్నాను. సాంఖ్యిక శాస్త్రం నా దృష్టిలో సూత్రంలో అంకెలు వేస్తే వచ్చేసేదే. ఆమెకు దశాంశాల గుణకారం, భాగహారం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అంకగణిత మధ్యమాన్ని మూడు పద్ధతుల్లో చేయించి నేనే దాన్ని మూడింతలు కష్టం చేశాను. సంభావ్యతలో పెద్ద గుణకారాలు లేవు, ఏమేం పడొచ్చో వరుసగా రాసి లెక్కపెట్టడమే. అది ఆమెకు బాగా వచ్చు. ఎనిమిది మార్కులే అని దాన్ని కొట్టేశాను.

మగ్గం ముందు పుట్టిన వాళ్లం కాబట్టి మా ఇళ్లలో వెంటనే అర్థమయ్యేలా చెప్పాలంటే, పడుగులో ఒక పోగు తెగి అతకకుండా వదిలేస్తే చద్దరు పొడవునా గీత పడుతుంది. పేకలో ఒక పోగు తప్పితే ఆ ఒక్క చోటే లోపం. పాఠాన్ని మొత్తంగా వదలడం పడుగు పోగును వదలడం, అది మొదటి ప్రశ్న నుంచి ఐదో ప్రశ్న దాకా ప్రతిచోటా మార్కు తీస్తుంది. ప్రతి పాఠంలోనూ ఒక స్థాయి దాటిన లెక్కల్ని మాత్రమే వదిలితే నష్టం పేపరులో ఒక్క చోటికి పరిమితమవుతుంది, పైగా ఆ చోట ఎంపిక కూడా ఉంటుంది.

ఎంపిక ఎక్కడ ఎంతుందో చూసుకోవడం ఈ లెక్కకు ప్రాణం. మొదటి ప్రశ్నలో ఎంపికే లేదు. రెండు మార్కుల లెక్కల్లో ఐదింట ఒకటి వదలొచ్చు. మూడు మార్కుల లెక్కల్లో నాలుగింట రెండు వదలొచ్చు. అంటే ఒక మార్కు నుంచి మూడు మార్కుల స్థాయికి పోయే కొద్దీ వదలడానికి చోటు పెరుగుతుంది. కింది స్థాయిలో పాఠాల్ని వదిలితే పేపరు మనల్ని పట్టుకుంటుంది. మూడు మార్కుల స్థాయిలో సగం పాఠాలు రాకపోయినా పేపరే మనకు దారి ఇస్తుంది. నేను సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాను.

తరువాతి అవకాశం జూలైలో జరిగే పునఃపరీక్ష. ఈసారి పాఠాల జాబితా పక్కన పెట్టి, ప్రతి పాఠాన్ని మూడు అంతస్తులుగా విడగొట్టాం. ఒకటి, రెండు మార్కులవి కింది అంతస్తు, మూడు మార్కులవి నడిమిది, నాలుగు మార్కులవీ ఐదో ప్రశ్నవీ పైది. ఆరు పాఠాలకు పద్దెనిమిది గళ్లయ్యాయి. వరుస పెట్టాల్సింది ఈ గళ్లను, పాఠాలను కాదు.

కష్టాన్ని కొలవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాను. కింది, నడిమి అంతస్తుల్లోని ప్రతి గడి నుంచి ఒక్కో లెక్క ఇచ్చాను. తనంతట తాను చేసినవి ఒక కుప్ప. మొదటి వరుస నేను రాసి చూపిస్తే మిగతాది చేయగలిగినవి రెండో కుప్ప. చూపించినా కదలనివి మూడో కుప్ప. “ఇది కష్టమా?” అని అడిగితే పిల్లలు అన్నిటికీ తలూపుతారు, భయం అలా మాట్లాడిస్తుంది. చేతితో చేయిస్తేనే తేడా తెలుస్తుంది. మొదటి కుప్పకు చేతివేగం కోసం కాస్త సాధన చాలు. మూడో కుప్ప మీద గంటలు పెడితే ఈ కొద్ది కాలంలో ఫలితం రాదు. సమయానికి మంచి ఫలం ఇచ్చేది రెండో కుప్పే. అక్కడ అడ్డం పడుతున్నది ఒకే ఒక్క అడుగు, అది దొరికితే మార్కు చేతిలో పడుతుంది.

బీజగణితానికి ఆమె తీయగలిగిన సమయం దాదాపు 30 గంటలని తేలింది. కింది అంతస్తును ఆరు పాఠాల్లోనూ పూర్తి చేయడానికి ఎంత పడుతుందో అంచనా వేశాం. రేఖీయ సమీకరణాలకు 5 గంటలు, వర్గ సమీకరణాలకు 4, అంకశ్రేఢికి 3, అర్థనియోజనానికి 4, సంభావ్యతకు 3, సాంఖ్యిక శాస్త్రానికి 4. మొత్తం 23. మిగిలిన 7 గంటలను నడిమి అంతస్తులో నాలుగు గళ్లకే ఇచ్చాం. క్రేమర్ పద్ధతికి 2, అంకశ్రేఢి మొత్తాల లెక్కలకు 2, సాంఖ్యిక శాస్త్రంలో నేరుగా చేసే మధ్యమానికీ వృత్తచిత్రానికీ కలిపి 2, సంభావ్యతకు 1. పై అంతస్తు పూర్తిగా వదిలేశాం. ఇది దేవుడు రాసిచ్చిన పట్టిక కాదు, ఆ అమ్మాయి కుప్పల్ని బట్టి వచ్చిన పట్టిక. ఇంకొకరికి ఇంకోలా వస్తుంది.

ఒక్కో పాఠంలో ఏది ఉంచామో, ఏది తీసేశామో చెప్తే విషయం తేటపడుతుంది. రేఖీయ సమీకరణాల్లో సమీకరణం కట్టే మాటల లెక్కలన్నీ తీసేశాం. కింది అంతస్తులో నిర్ధారకం విలువ కనుక్కోవడం, రెండు సమీకరణాలు కూడి x + y తేల్చడం ఉంచాం. ఉదాహరణకు 15x + 17y = 21, 17x + 15y = 11 అని ఇస్తే, కూడితే 32x + 32y = 32, అంటే x + y = 1. తీసివేస్తే x − y = −5. అక్కడి నుంచి x = −2, y = 3. ఇంత పెద్ద అంకెల్ని చూసి ఆమె మార్చిలో వదిలేసిన లెక్క అది. మొదటి వరుస చూపించాక అలాంటివి వరుసగా చేసింది.

నడిమి అంతస్తుకు క్రేమర్ పద్ధతిని ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులో ప్రతిసారీ అవే అడుగులు, కొత్తగా ఆలోచించాల్సింది ఉండదు. 3x − 4y = 10, 4x + 3y = 5 తీసుకోండి. D = 3 × 3 − (−4) × 4 = 25. Dx = 10 × 3 − (−4) × 5 = 50. Dy = 3 × 5 − 10 × 4 = −25. కాబట్టి x = 2, y = −1. తప్పు జరిగే చోటు ఒక్కటే, మైనస్ నాలుగును తీసివేసేటప్పుడు గుర్తు మారడం. అందుకే రుణ సంఖ్యకు తప్పకుండా కుండలీకరణం పెట్టమని, జవాబు వచ్చాక మొదటి సమీకరణంలో వేసి చూడమని నియమం పెట్టుకున్నాం. 3 × 2 − 4 × (−1) పదే అయింది, అంటే సరే. ఈ సరిచూసుకోవడానికి అర నిమిషం పట్టదు, అది మూడు మార్కులను కాపాడుతుంది.

వర్గ సమీకరణాల్లో కారణాంకాలుగా విడగొట్టడం ఆమెకు మూడో కుప్పలో పడింది. మధ్య పదాన్ని రెండుగా చీల్చడానికి తగిన అంకెలు ఊహించలేక ఆగిపోతుంది. దాన్ని వదిలి సూత్రాన్ని పట్టుకున్నాం:

x = (−b ± √(b² − 4ac)) / 2a

ఫలానా పద్ధతిలోనే చేయమని ప్రశ్నలో లేకపోతే ఏ వర్గ సమీకరణాన్నైనా ఇది సాధిస్తుంది. ఇదే సూత్రంలోని b² − 4ac కనుక్కోవడం వస్తే మూలాల స్వభావం చెప్పే చిన్న ప్రశ్నలు కూడా వస్తాయి. ఒకటి నేర్చుకుంటే రెండు రకాల ప్రశ్నలు చేతికొచ్చాయి. వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి వదిలేశాం. ఆ పద్ధతే అడిగితే ఆ లెక్క పోతుందని ముందే ఒప్పుకున్నాం.

అర్థనియోజనంలో నేను ఊహించనిది జరిగింది. వస్తుసేవల పన్ను, వాటాలు, మ్యూచువల్ ఫండ్లు ఉన్న పాఠం అది, పిల్లకు అందదనుకున్నాను. కానీ పన్ను సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి రెండు వరుసలుగా బిల్లులో పడటం ఆమె చూసే ఉంది. వాళ్లన్న టవళ్లు ప్యాక్ చేసే గోదాములో పని చేస్తాడు, బిల్లులు ఇంటికొస్తుంటాయి. సరుకు విలువ 2000, పన్ను 5 శాతం అంటే సీజీఎస్‌టీ 50, ఎస్‌జీఎస్‌టీ 50, మొత్తం బిల్లు 2100 అని నోటితోనే చెప్పింది. వాటాల్లో ముఖవిలువ, బజారు ధర తేడా వరకు ఉంచి, దళారీ రుసుమూ దాని మీద పన్నూ కలిసే పొడవైన లెక్కలు తీసేశాం.

సాంఖ్యిక శాస్త్రంలో ఆమెకు అడ్డం వచ్చింది గుణకారం. అందుకే మధ్యమానికి మూడు పద్ధతుల్లో నేరు పద్ధతి ఒక్కటే ఉంచాం. తరగతి మధ్యబిందువును పౌనఃపున్యంతో గుణించి, కూడి, మొత్తంతో భాగించడం. వృత్తచిత్రానికి ప్రతి భాగాన్ని మొత్తంతో భాగించి 360తో గుణిస్తే కోణం వస్తుంది, కోణాలన్నీ కూడితే 360 కావాలి. కాకపోతే తప్పు ఎక్కడో ఉందని అక్కడే తెలిసిపోతుంది. తప్పును తానే పట్టుకోగలిగిన లెక్కలకు ముందు చోటివ్వడం బలహీనంగా ఉన్న పిల్లలకు మేలు.

గళ్ల పట్టిక పూర్తయ్యాక ఒక విషయం కనిపించింది. మేం తీసేసినవన్నీ ఆరు పాఠాల్లో చెదిరి ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం ఒకే నైపుణ్యానికి చెందినవి: మాటల్లో చెప్పిన దాన్ని సమీకరణంగా మార్చడం. పడవ లెక్కలోనూ, వయసుల లెక్కలోనూ, అంకశ్రేఢిలో పొదుపు లెక్కలోనూ అదే కావాలి. దాన్ని నేర్పడానికి నెలలు పడుతుంది, వారాలు చాలవు. ఆ ఒక్కదాన్ని వదిలితే మిగతా పుస్తకం చాలావరకు ఆమెకు అందుబాటులోనే ఉంది. మార్చిలో మేం చేసింది దీనికి తలకిందులు, ఆమెకు అందే మూడు పాఠాల్ని వదిలి ఆ అందని ఒక్కదానితో కుస్తీ పట్టాం.

కృతుల గురించి ఒక మాట. రెండు, మూడు ప్రశ్నల్లో కలిపి కృతులకు 7 మార్కులున్నాయి. వదిలిన అంతస్తు నుంచి కృతి వచ్చినా దాన్ని వదలకూడదు, ఎందుకంటే ఆలోచన వాళ్లే ముద్రించి ఇస్తారు. పై వరుసా కింది వరుసా చూసి మధ్య గడి నింపొచ్చు. పాత పేపర్ల నుంచి కృతుల్ని మాత్రమే తీసి చేయిస్తే తక్కువ సమయంలో ఇది అలవడుతుంది.

ఏది వదలాలో ఇంట్లో నిర్ణయించినా, హాల్లో అది నిలబడటం వేరు. ఖాళీగా వదిలిన పెద్ద ప్రశ్న పిల్లల్ని లాగుతుంది. అందుకే రెండు గంటల్ని కూడా పంచుకున్నాం. మొదటి ప్రశ్నకు 15 నిమిషాలు, రెండోదానికి 35, మూడోదానికి 35. మిగిలిన 35లో ముందు చేసినవి సరిచూసుకోవడం, ఆ తరువాతే నాలుగో ప్రశ్న వైపు పోవడం. అక్కడ కూడా లెక్క పూర్తి చేయాలని పట్టు పట్టొద్దు, సూత్రం రాసి ఇచ్చిన విలువలు అందులో వేసినా అడుగుల మార్కుల్లో కొంత దొరకవచ్చు. ఇంట్లో గడియారం పెట్టి పాత పేపరు రాయించినప్పుడు ఆమె మూడో ప్రశ్న దగ్గరే ఇంకో పావుగంట ఎక్కువ తీసుకుంది. చూస్తే, రాని లెక్క మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి నాలుగు లెక్కలూ చదివి, చేసే రెండింటికి గుర్తు పెట్టాకే కలం కదపమన్నాను.

జూలైలో ఆమె గణితం గట్టెక్కింది. భూమితికి కూడా ఇలాగే గళ్లు గీసుకున్నాం. పేపరు పద్ధతి అదే, కానీ వరుస వేరు. అక్కడ స్పర్శరేఖలు, సరూప త్రిభుజాలు గీసే నిర్మాణాలు ఆమెకు అన్నిటికంటే ముందుకొచ్చాయి, ఎందుకంటే అడుగులు ఎప్పుడూ అవే, చెయ్యి అలవాటు పడితే చాలు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి, అవి దాచడం న్యాయం కాదు. ఏ పాఠం నుంచి ఏ ప్రశ్నలో ఎన్ని వస్తాయో బోర్డు మాట ఇవ్వదు. పాఠాల మార్కులు మొత్తానికి వర్తిస్తాయి గానీ ఒక్కో ప్రశ్నకు కాదు. అందుకే నడిమి అంతస్తులో రెండే గళ్లు చాలనుకోకుండా నాలుగు సిద్ధం చేశాం. రెండోది, ఇది గట్టెక్కడానికి వేసిన లెక్క. 40లో 35 తెచ్చుకోవాలనుకునే పిల్లకు పై అంతస్తే అసలు పని, ఆమె కింది అంతస్తును సరిచూసుకుని గంటలన్నీ పైనే పెట్టాలి. వరుస పెట్టే పద్ధతి అదే, గీత గీసే చోటు మారుతుంది. మూడోది, వదిలిన సమీకరణం కట్టే నైపుణ్యాన్ని పదకొండులో సైన్సు తీసుకున్నా, డిప్లొమాకు పోయినా మొదటి నెలలోనే అడుగుతారు. పరీక్ష కోసం వదిలింది చదువు కోసం వదిలినట్టు కాదు. అందుకే ఆ పట్టికను పారేయనివ్వలేదు. కొట్టేసిన గళ్లకు ఎదురుగా తిరిగి ఎప్పుడు నేర్చుకోవాలో రాయించాను, ఫలితాలు వచ్చిన వారం నుంచే మాటల లెక్కలు మొదలుపెట్టాం.

ఇప్పుడు నా దగ్గరికి పరీక్ష ముందు ఎవరొచ్చినా ఏ పాఠానికి ఎన్ని మార్కులో ముందు చెప్పను. పాత పేపరు ఒకటి ముందు పెట్టి మూడు సంగతులు తేల్చుకుంటాం. ఈ ప్రశ్నలో వదలడానికి చోటుందా? ఈ గడి నీ ఏ కుప్పలో ఉంది? దీనికి ఎన్ని గంటలు పడుతుంది, వాటికి ఎన్ని మార్కులొస్తాయి? వదలడానికి చోటు లేని గళ్లలో రెండో కుప్పవి ముందు, తక్కువ గంటలు తీసుకునేవి ఇంకా ముందు. గంటలు అయిపోయిన చోట గీత. ఆ గీత పిల్లే గీయాలి, నేను కాదు. గీసేముందు ఒక్కటి తప్పకుండా అడుగుతాను: నీకు వచ్చినది ఏదైనా ఈ గీత కింద పడిందా? పడితే వరుస తప్పు, మళ్లీ వేయాలి.